శని, ఆదివారాల్లో సొంత పనులు చేసే ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వారమంతా ఒక కాంట్రాక్టర్ దగ్గర ప్లంబింగ్ పని చేస్తాను. శనివారం పూర్తిగా, ఆదివారం మధ్యాహ్నం దాకా సొంతంగా ఇళ్లల్లో చిన్న పనులు చేస్తాను. కొత్తగా ఇలా మొదలుపెట్టే తోటి పనివాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా ప్లంబింగ్‌వే. ఎలక్ట్రికల్ పనిలో తేడా వచ్చే చోటు గురించి విడిగా రాశాను.

లెక్కల్లో రూపాయి గుర్తు పెట్టలేదు. వారం పనిలో మీకు గంటకు వచ్చేది 100 అనుకోండి. మిగతా అంకెలన్నీ దానితో పోల్చి చూసుకోండి.

వారాంతానికి ఎలాంటి పనులు ఒప్పుకోవాలి?

మొదలుపెట్టిన రోజే ముగిసేవి. కుళాయి కారడం, ఫ్లష్ ట్యాంకు ఆగకుండా పారడం, సింకు కింద ట్రాప్ లీకు, యాంగిల్ కాక్ మార్చడం, గీజర్ కనెక్షన్ పైపులు మార్చడం, నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ మార్చడం. ఇవన్నీ గంటా రెండు గంటల్లో తేలిపోతాయి. పైగా ఇవి ప్రతి ఇంట్లోనూ మళ్లీ మళ్లీ వచ్చే పనులు. వాషర్ అరుగుతుంది, రబ్బరు గట్టిపడుతుంది, ఉప్పునీళ్లకు వాల్వ్ పట్టేస్తుంది.

కొత్త బాత్రూమ్, గోడలో దాగిన లీకు, పాత ఇనుప లైను మొత్తం మార్చడం మాత్రం ఒప్పుకోవద్దు. ఆదివారం సాయంత్రానికి పూర్తికాకపోతే సోమవారం పొద్దున ఆ ఇంట్లో నీళ్లు ఉండవు, మీరేమో వేరేచోట డ్యూటీలో ఉంటారు. నేను పెట్టుకున్న నియమం చిన్నదే: ఆదివారం మధ్యాహ్నం తర్వాత మెయిన్ వాల్వ్ కట్టేయాల్సిన పని మొదలుపెట్టను. సామాను కొట్లు మూసేసిన వేళ పైపు విరిగితే పడే టెన్షన్ ఒకసారి పడ్డాను, చాలు.

గంటకు ఇంత అని చెప్పాలా, పనికి ఇంత అని చెప్పాలా?

చిన్న పనులకు పనికి ఇంత అనే చెప్పాలి. గంట రేటు చెబితే కస్టమర్ కళ్లు గడియారం మీదే ఉంటాయి. మీరు స్పానర్ కోసం బండి దగ్గరికి వెళ్లొచ్చినా అది కూడా లెక్కేనా అని అనుమానం వస్తుంది. అంతకంటే అన్యాయం ఇంకోటి ఉంది. పని నేర్చుకుని వేగం పెరిగే కొద్దీ గంట రేటులో మీకు వచ్చేది తగ్గుతుంది.

గంట రేటుకు చోటు లేదని కాదు. లోపం ఎక్కడుందో తెలియనప్పుడు, అంటే వెతుకులాటే పని అయినప్పుడు, అది కావాలి. దాని సంగతి ఎలక్ట్రీషియన్ల ప్రశ్నలో చూడండి.

సరే, ఒక పనికి రేటు ఎలా కట్టాలి?

పక్కవాడి రేటు అడిగి అందులో కాస్త తగ్గించి చెప్పడం చాలామంది చేసే పని. నేనూ అదే చేశాను. ఫ్లష్ ట్యాంకు రిపేరు అరగంట పనే కదా అని 100 తీసుకునేవాణ్ణి. అరగంటకు 100 అంటే వారం పనికి రెట్టింపు వస్తోందని మురిసిపోయేవాణ్ణి. కానీ శనివారమంతా తిరిగినా చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఎందుకో తెలుసుకోవాలని పది పనులకు టైం రాసుకున్నాను.

ఒక్కో ఇంట్లో పనికి పట్టిన నిమిషాలు ఇవి: 30, 35, 40, 35, 90, 30, 45, 40, 35, 50. మొత్తం 430. సగటు 43. అంటే అరగంట అనుకున్నది ముప్పావు గంట. అసలు దెబ్బ అక్కడ కాదు, మిగతా చోట పడింది. రాకపోకలకు సగటున 30 నిమిషాలు. ఫోన్లో మాట్లాడటం, అడ్రసు కనుక్కోవడం, సామాను కొనడం కలిపి పనికి 12 నిమిషాలు. పది పనుల్లో ఒకదానికి మళ్లీ వెళ్లి ఉచితంగా సరిచేయాల్సి వచ్చింది, దానికి గంట పట్టింది. ఆ గంటను పదింటికి పంచితే పనికి 6 నిమిషాలు. అన్నీ కలిపితే 43, 30, 12, 6. మొత్తం 91 నిమిషాలు.

పెట్రోలు, టెఫ్లాన్ టేపు, సిలికాన్, పనిముట్ల అరుగుదల, ఫోను కలిపి పనికి 25 దాకా అయ్యేది. తీసుకున్న 100లో 25 పోతే 75. గంటన్నర పనికి 75 అంటే గంటకు 50. వారం పనిలో వచ్చేదాంట్లో సగానికి సెలవు రోజును అమ్ముకుంటున్నానన్నమాట.

అప్పుడు లెక్క తిరగేశాను. సెలవు రోజు గంటకు కనీసం 130 రావాలనుకున్నాను. 91 నిమిషాలకు అది 197 అవుతుంది. ఖర్చు 25 కలిపితే 222. రౌండ్ చేసి 220 అని రాసుకున్నాను. సామాను దీనికి అదనం.

మీ అంకెలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే: ఇంటి నుంచి బయలుదేరినప్పటి నుంచి లెక్క, సగటు తీయడానికి కనీసం పది పనులు, మళ్లీ వెళ్లిన సారి కూడా లెక్కలోకి. అనుకున్న టైం రాయకండి, గడియారం చూసి రాయండి.

ఆ 90 నిమిషాల పని సంగతేంటి? దాన్ని సగటులో కలపాలా?

కలపాలి. పనికింత అని చెప్పాక ఎక్కువ టైం పట్టినా ఆ రేటుకే చేయాలి. ఆ నష్టం సగటులో ముందే ఉండకపోతే మీ జేబులోంచి పోతుంది.

అయితే ఆ 90 నిమిషాలు ఎందుకు పట్టాయో కూడా చూసుకోవాలి. అది కమోడ్ మీదే కూర్చునే రకం ట్యాంకు. లోపల ఫ్లష్ వాల్వ్ మార్చాలంటే ట్యాంకు మొత్తం దించాలి. కింద బోల్టులు తుప్పు పట్టి తిరగలేదు, బ్లేడుతో కోయాల్సి వచ్చింది. ఇలాంటిది మూత తీసి, కిందకి వంగి చూస్తే ముందే తెలుస్తుంది. ముందే తెలిసేదాన్ని సగటులో దాచడం మామూలు కస్టమర్‌కు అన్యాయం. అందుకే నా రేట్లలో ఇప్పుడు రెండు లైన్లు ఉన్నాయి: ఫ్లష్ ట్యాంకు రిపేరు, ట్యాంకు దించాల్సి వస్తే వేరే రేటు. కస్టమర్ ఫోన్ చేసినప్పుడే ట్యాంకు ఫోటో, కింద బోల్టుల ఫోటో పంపమంటాను.

100 నుంచి ఒక్కసారిగా 220 అంటే కస్టమర్లు పారిపోరా?

కొందరు పోయారు. కానీ రాకపోకల ఖర్చు రేటులో ఎంత ఉందో తెలిశాక నాకు ఒక దారి దొరికింది. అదే ఇంట్లో రెండో పని చేస్తే మళ్లీ ప్రయాణం లేదు, ఫోన్ మాటలు లేవు. పనికి 43 నిమిషాలు, మళ్లీ రావాల్సి వస్తే దాని వాటా 6, రౌండ్‌గా 50 నిమిషాలు. గంటకు 130 చొప్పున 108, టేపు, సిలికాన్ లాంటి ఖర్చు 10. అంటే 120 తీసుకుంటే చాలు.

అందుకని నా రేట్లు రెండు రకాలు. మొదటి పనికి 220. అదే రాకలో చేసే ప్రతి అదనపు చిన్న పనికి 120. విడివిడిగా పిలిస్తే రెండు పనులకు 440 అవుతుంది, ఒకేసారి చేయించుకుంటే 340. నాకు గంటకు వచ్చేది రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. కస్టమర్‌కు మాత్రం 100 మిగులుతుంది.

ఈ రెండో రేటు చెప్పగానే జనం ఇంట్లో తిరిగి చూసుకుంటారు. "అయితే వంటగది కుళాయి కూడా చూస్తారా" అంటారు. ఆ కుళాయి ఏడాదిగా కారుతూనే ఉంటుంది, దానికోసం ఎవరినో పిలవడం దండగని ఊరుకుని ఉంటారు. 220 ఎక్కువన్నవాళ్లు కూడా 340కి రెండు పనులంటే ఒప్పుకోవడం నేను చూశాను.

రేట్ల కాగితంలో ఏం రాయాలి?

ఆరేడు పనులకు మించి వద్దు. నా మొదటి కాగితంలో 23 లైన్లు ఉండేవి, ఎవరూ చదవలేదు. మీకు ఎక్కువగా వచ్చే పనులు మాత్రమే రాసి, ఒక్కోదాని కింద ఆ రేటులో ఏమేం వస్తాయో ఒక వాక్యం, ఏది రాదో ఒక వాక్యం పెట్టండి. నాది ఇలా ఉంటుంది:

"కుళాయి కారడం ఆపడం. రావడం, విప్పడం, వాషర్ లేదా కార్ట్రిడ్జ్ మార్చడం, పరీక్షించడం కలిపి ఇంత. కార్ట్రిడ్జ్ ధర అదనం. కుళాయి లోపలి సీటు తినేసి ఉంటే కొత్త కుళాయి వేయాలి, దాని రేటు పని మొదలుపెట్టక ముందే చెబుతాను."

కింద రెండో పని రేటు, గ్యారంటీ రోజులు, ఏ గంటల్లో వస్తానన్నది. "నుంచి మొదలు" అనే మాట మాత్రం రాయకండి. 220 నుంచి మొదలు అంటే ఎక్కడ ముగుస్తుందో అన్న భయమే కస్టమర్‌కు మిగులుతుంది. అంతకంటే రేటు రాయకపోవడమే మేలు.

పని మధ్యలో ఇంకో సమస్య బయటపడితే?

గొడవలు వచ్చేవన్నీ ఇక్కడే. ఒకసారి ఒకరింట్లో వాష్ బేసిన్ కుళాయి మార్చడానికి కింద యాంగిల్ కాక్ కట్టేయబోయాను. ఏళ్ల తరబడి తిప్పని కాక్ అది. పట్టి తిప్పగానే గోడలోనే విరిగింది. పాతది కాబట్టి విరిగిందని నేను, మీరు తిప్పబట్టి విరిగిందని ఆయన. ఇద్దరి మాటా నిజమే. చివరికి కొత్త కాక్ నా ఖర్చుతో వేసి, విరిగిన ముక్క గోడలోంచి తీయడానికి పట్టిన రెండు గంటలు కూడా వదులుకున్నాను. ఆయన మళ్లీ పిలవలేదు.

నేను తిప్పడం తప్పు కాదు. తిప్పే ముందు చెప్పకపోవడం తప్పు. ఇప్పుడు పాత కాక్ కనిపిస్తే ముందే చెబుతాను: "ఇది చాలాకాలంగా తిప్పినట్టు లేదు. తిప్పితే విరగొచ్చు. విరిగితే కొత్తది వేయడానికి ఇంత అవుతుంది. లేదా మెయిన్ దగ్గర నీళ్లు కట్టేసి దీన్ని ముట్టుకోకుండా పని చేయొచ్చు. ఏది చేయమంటారు?" విరగక ముందు చెప్పింది సలహా అవుతుంది. అదే మాట విరిగాక చెబితే సాకు అవుతుంది.

మిగతా సమస్యలకూ ఇదే వరస. పని ఆపాలి, కస్టమర్‌ను పిలిచి కంటితో చూపించాలి, రేటు చెప్పాలి, సరే అన్నాక ఫోన్లో ఒక లైను మెసేజ్ పెట్టాలి. ఇంట్లో పిల్లలో, పనిమనిషో మాత్రమే ఉంటే యజమానికి ఫోటో పంపి జవాబు వచ్చేదాకా ఆగుతాను. జవాబు రాకపోతే ఒప్పుకున్నంత వరకే చేసి వచ్చేస్తాను.

సామాను మీద లాభం వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, దాచకుండా. కొని తేవడానికి టైం పడుతుంది, లోపం ఉంటే కొట్టుకు తిరిగి తీసుకెళ్లేదీ మీరే. నేను బిల్లు మీద 15 శాతం వేస్తాను, ఆ మాట రేట్ల కాగితంలోనే ఉంది. బిల్లు చూపిస్తాను. తక్కువ ధరకు కొని ఎక్కువ ధర చెప్పేవాళ్లు ఉన్నారు, కానీ ఈ రోజుల్లో కస్టమర్ ఫోన్లో ధర చూడటానికి నిమిషం పట్టదు.

కస్టమరే సామాను కొనిస్తానంటే సంతోషంగా ఒప్పుకోండి. బిగించడానికి నాది పూచీ, వస్తువు పాడైతే అది మీకూ కొట్టుకూ మధ్య అని ముందే చెప్పండి.

గ్యారంటీ ఎన్ని రోజులివ్వాలి?

బిగింపుకు నేను 30 రోజులు ఇస్తాను. బిగింపు సరిగా లేకపోతే సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లోనే కారుతుంది, కాబట్టి ఇది పెద్ద రిస్కు కాదు. దీనికయ్యే ఖర్చు పైన చెప్పిన 6 నిమిషాల్లో ముందే ఉంది.

రోజుల కంటే ముఖ్యం దేనికి గ్యారంటీ అన్నది. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు నింపే వాల్వ్ మార్చారనుకోండి. మూడు వారాలకు అడుగున రబ్బరు సీలు కారితే కస్టమర్ దృష్టిలో అది "మొన్ననే బాగుచేసిన ట్యాంకు". మీ దృష్టిలో వేరే భాగం. అందుకే బిల్లు మీద ట్యాంకు రిపేరు అని కాకుండా "ఇన్‌లెట్ వాల్వ్ మార్చాను, అడుగు సీలు పాతదే ఉంచాను" అని రాయండి. ఆ రెండో ముక్క చాలా గొడవలు తప్పిస్తుంది.

పాత కస్టమర్లకు డిస్కౌంట్ ఇవ్వాలా?

నేనివ్వను. డిస్కౌంట్ ఒకసారి ఇస్తే అదే అసలు రేటు అయిపోతుంది. పైగా మంచి కస్టమర్ నుంచి తక్కువ, ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి ఎక్కువ వస్తే నాకు తెలియకుండానే పాత ఇళ్లను వెనక్కి నెడతాను.

దానికి బదులు వాళ్లకు టైం ఇస్తాను. శనివారం పొద్దున మొదటి రెండు గంటలు పాత ఇళ్లకే. శుక్రవారం సాయంత్రం దాకా ఎవరూ అడగకపోతేనే కొత్తవాళ్లకు ఇస్తాను. కారుతున్న ఇంట్లో ఉన్న మనిషికి పదో వంతు తగ్గింపు కంటే రేపు పొద్దున ఎనిమిదికి వస్తానన్న మాటే ఎక్కువ.

అదే ఇల్లు మళ్లీ నన్నే పిలవాలంటే ఏం చేయాలి?

నోట్‌బుక్ పెట్టండి. ఇంటికో పేజీ. పని అయ్యాక బండి ఎక్కే ముందే మూడు విషయాలు రాయండి.

మొదటిది, ఏం వేశాను. కుళాయి కంపెనీ, కార్ట్రిడ్జ్ సైజు, కనెక్షన్ పైపు పొడవు. రెండేళ్ల తర్వాత "బాత్రూమ్ కుళాయి మళ్లీ కారుతోంది" అని ఫోన్ వస్తే పేజీ తీసి సరైన కార్ట్రిడ్జ్ జేబులో వేసుకుని వెళ్తాను. కొత్త మనిషి అయితే ఒకసారి చూడ్డానికి, ఒకసారి కొట్టుకు, ఒకసారి బిగించడానికి తిరగాలి.

రెండోది, చూశాను కానీ ముట్టుకోలేదు. "గీజర్ పైపు అల్లిక తుప్పు పట్టింది. సింకు కింద ట్రాప్ నట్ పగిలేలా ఉంది." ఇది రాసుకోవడమే కాదు, కస్టమర్‌కు కూడా చెప్పాలి. కానీ ఆరోజే చేయించుకోమని ఒత్తిడి పెట్టకూడదు. ఏది వెంటనే చేయాలో, ఏది ఆరు నెలలు ఆగొచ్చో విడదీసి చెప్పండి. ఉబ్బిన కనెక్షన్ పైపు ఆగదు, అది పగిలితే ఇల్లంతా నీళ్లే. కొద్దిగా కారే ట్రాప్ కింద గిన్నె పెట్టుకుని ఆగొచ్చు. ఆగొచ్చని మీరు నిజాయితీగా చెప్పిన పని ఒకటుంటే, ఆగకూడదని మీరు చెప్పే రెండోదాన్ని జనం నమ్ముతారు.

మూడోది, మళ్లీ ఎప్పుడు పలకరించాలి. పని చేసిన వారానికి ఒక మెసేజ్: "ఫ్లష్ ట్యాంకు బాగానే నిండుతోందా?" ఆ తర్వాత నోట్‌బుక్‌లో రాసిన నెలకు ఇంకోటి: "అప్పుడు గీజర్ పైపు చూసి ఆరు నెలలన్నాను. ఈ నెలలో రమ్మంటారా?" ఆ ఇంట్లో ఉన్న ఫలానా వస్తువు గురించి ఉండాలి మెసేజ్. పండగ శుభాకాంక్షలు, రంగు బొమ్మలు పంపితే మీ నంబరు మ్యూట్ అవుతుంది. రెండుసార్లు జవాబు రాకపోతే ఇక పంపను.

ఏడాదికోసారి చెకప్ అంటూ అమ్మొచ్చా?

అమ్మొచ్చు, చూసేది నిజంగా ఉంటే. మా పనిలో ముప్పావు గంటలో చూడగలిగినవి చాలానే ఉన్నాయి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటర్ దగ్గర పదిహేను నిమిషాలు కనిపెట్టుకుని ఉంటాను. ముల్లు కదిలితే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఫ్లష్ ట్యాంకులో తిండిలో వేసే రంగు కొన్ని చుక్కలు వేసి, ఎవరూ ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగుతాను. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగు సీలు పోయినట్టే. ఈ పరీక్ష కస్టమర్ పక్కన ఉండగానే చేయండి. కంటితో చూశాక మీరు వివరించాల్సిన పని ఉండదు.

ఈలోపు కనెక్షన్ పైపులు తడిమి చూస్తాను, యాంగిల్ కాక్‌లు అనుమతి అడిగి ఒకసారి తిప్పి వదులుతాను. ఏడాదికోసారి తిప్పే కాక్ గోడలో పట్టేయదు. నిల్వ గీజర్ అయితే లోపలి మెగ్నీషియం కడ్డీ ఎప్పుడు చూశారో అడుగుతాను. ట్యాంకుకు బదులు తాను తుప్పు తినడమే ఆ కడ్డీ పని. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది.

చెకప్ రేటు మొదటి పని రేటంతే పెట్టాను. అందులో దొరికిన పని అప్పుడే చేయించుకుంటే రెండో పని రేటు పడుతుంది. ఏమీ దొరకకపోతే అదే మాట కాగితం మీద రాసిస్తాను. ఏదో ఒకటి దొరకాలని వెతికేవాడి చెకప్‌ను ఎవరూ రెండోసారి కొనరు.

ఎన్ని ఇళ్లుంటే వారాంతం నిండుతుంది?

అనుకున్నంత కాదు. నా నోట్‌బుక్‌లో ఒక ఇల్లు సగటున ఏడాదికి రెండుసార్లు పిలుస్తోంది, ఒకటి చెకప్, ఒకటి ఏదో ఒక రిపేరు. 60 ఇళ్లుంటే ఏడాదికి 120 రాకలు. పండగలు, జ్వరాలు, ఇంటి పనులు పోగా ఏడాదికి 45 వారాంతాలు పని చేస్తాననుకుంటే వారానికి మూడుకు కాస్త తక్కువ. వాటికి రెండో పనులు కలిస్తే శనివారం నిండిపోతుంది. ఆదివారం కొత్తవాళ్లకు.

60కి చేరేదాకా ఓపిక పట్టాలి, నాకు రెండేళ్లు దాటింది. దూరంగా ఉన్న ఇళ్లను వదులుకోవడం అన్నిటికంటే కష్టమనిపించింది. రాకపోకలకు 30 నిమిషాలని కట్టిన రేటు గంట ప్రయాణానికి సరిపోదు. ఒక గీత గీసుకుని, దాటితే ప్రయాణానికి ఇంత అదనం అని కాగితం మీదే రాయండి.

ఎలక్ట్రీషియన్‌కు ఇవన్నీ వర్తిస్తాయా?

రేటు కట్టే పద్ధతి, నోట్‌బుక్, రెండో పని రేటు అలాగే వర్తిస్తాయి. ఫ్యాన్ మార్చడం, స్విచ్, సాకెట్, లైటు బిగించడం పనికింత అని చెప్పొచ్చు.

తేడా వచ్చేది లోపం వెతకడంలో. కారే నీళ్లు కనిపిస్తాయి, కరెంటు కనిపించదు. "అప్పుడప్పుడు ఆర్‌సీసీబీ పడిపోతోంది" అన్నదానికి పావుగంటలో కారణం దొరకొచ్చు, రెండు శనివారాలైనా దొరక్కపోవచ్చు. ఇలాంటిదానికి ఒకే రేటు చెబితే మీరో కస్టమరో మునుగుతారు. నాతో తిరిగే ఎలక్ట్రీషియన్ ఒకాయన పద్ధతి నాకు నచ్చింది. మొదటి గంట వెతుకులాటకు ఒక రేటు. గంటలో లోపం ఏ సర్క్యూట్‌లో ఉందో విడదీసి, దాన్ని వేరుచేసి మిగతా ఇంటికి కరెంటు ఇస్తాడు. అక్కడ ఆగి, ఇక ముందుకెళ్లాలంటే ఇంత అని చెబుతాడు. ఆ గంటకు కస్టమర్ చేతికి ఏదో ఒకటి అందుతుంది, వెతికాను దొరకలేదు అనే జవాబు ఉండదు.

మళ్లీ పిలిపించుకునే విషయంలో ఎలక్ట్రీషియన్లకు మాకంటే మంచి సాధనం ఉంది, కొలత. మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ ఇన్సులేషన్ చూసి అంకె రాసి పెట్టుకోవచ్చు. సాధారణ ఇంటి వైరింగ్‌ను 500 వోల్టుల డీసీతో పరీక్షిస్తారు, 1 మెగోమ్ కంటే తక్కువ రాకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. మెయిన్ ఆపి, టీవీ, కంప్యూటర్, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ లాంటివన్నీ విడదీశాకే ఆ పరీక్ష. ఒక సర్క్యూట్ మొదటి ఏడాది 200, రెండో ఏడాది 40, మూడో ఏడాది 3 చూపిస్తే ఇంకా పాసయినట్టే, కానీ ఎటు పోతోందో కస్టమర్‌కే అర్థమవుతుంది. పాత అంకెలు మీ నోట్‌బుక్‌లోనే ఉన్నాయి కాబట్టి వేరేవాళ్లను పిలవాలన్న ఆలోచన రాదు.

యజమాని దగ్గర పరిచయమైన కస్టమర్లకు సొంతంగా పని చేయొచ్చా?

వద్దు. ముందు మీ ఉద్యోగ ఒప్పందంలో బయట పని చేయొచ్చో లేదో చూసుకోండి, లేకపోతే నేరుగా అడగండి. మా కాంట్రాక్టర్‌కు చిన్న పనులు గిట్టవు, అందుకని అడగ్గానే ఒప్పుకున్నాడు. ఇప్పుడు కుళాయి ఫోన్లు ఆయనే నాకు పంపుతాడు, బాత్రూమ్ పనులు నేను ఆయనకు చెబుతాను. చాటుగా చేసి ఉంటే ఇది కుదిరేది కాదు. ఆయన బండి, ఆయన పనిముట్లు మాత్రం శనివారం ముట్టుకోను.

లైసెన్సు, బీమా అవసరమా?

ఏ పనికి లైసెన్సు కావాలన్నది చోటును బట్టి మారుతుంది. ఎలక్ట్రికల్, గ్యాస్ పనుల్లో నియమాలు గట్టిగా ఉంటాయి. యజమాని లైసెన్సు కింద వారం పని చేస్తున్నారంటే అది శనివారం మీ సొంత పనికి వర్తించకపోవచ్చు, బీమా కూడా అంతే. మొదటి పని ఒప్పుకోక ముందే కనుక్కోండి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఆ నోట్‌బుక్ వెనక పేజీల్లోనే రాస్తే పన్ను లెక్కకు విడిగా తంటాలు ఉండవు.

బంధువులకు, స్నేహితులకు ఎలా?

దగ్గరివాళ్లకు ఉచితం, మిగతా అందరికీ కాగితం మీద రేటు. మధ్యలో సగం రేటు అనేది పెట్టుకోకండి, అది ఇద్దరికీ అసంతృప్తే. ఉచితంగా చేసినా బిల్లు రాసి కింద సున్నా వేయండి. వాళ్లు ఇంకొకరికి మీ పేరు చెప్పేటప్పుడు అసలు రేటు ఎంతో తెలిసి ఉంటుంది.

డబ్బు ఎప్పుడు తీసుకోవాలి?

చిన్న పనికి పని అవగానే, అడ్వాన్సు లేకుండా. సామాను ధర పని రేటు కంటే ఎక్కువైతే సామాను డబ్బు ముందే.

ఆదివారం రాత్రి పదింటికి పైపు పగిలిందని ఫోన్ వస్తే?

ముందు ఫోన్లోనే నీళ్లు కట్టేయించండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చాలామందికి తెలియదు. నా నోట్‌బుక్‌లో ప్రతి ఇంటి పేజీ పైన అదే రాసి ఉంటుంది: "మెట్ల కింద, ఎర్ర పిడి, కుడివైపు తిప్పాలి." మొదటిసారి వెళ్లినప్పుడే చూసుకుని, ఇంట్లోవాళ్ల చేత ఒకసారి తిప్పించి వస్తాను. నీళ్లు ఆగాక రాత్రి వస్తే ఇంత, శనివారం వస్తే ఇంత అని రెండు రేట్లూ చెబుతాను, అంతదాకా ఆగలేకపోతే వారంలో రాగలిగే ఇంకో ప్లంబర్ నంబరు ఇస్తాను. ఆ ప్లంబర్‌కు నేనే ఫోన్ చేసి కాక్ సైజు, పైపు రకం పేజీలో చూసి చెబుతాను. అలా ఇంకొకరి దగ్గరికి పంపిన ఇళ్లలో ఎక్కువ భాగం మళ్లీ నాకే ఫోన్ చేశాయి.